మూడు తరాల శాలువా కథ: పదో ఊలు ఉండ ఏమైంది?

*మూడు తరాల చేతులు మారే ఊలు శాలువా మీద కథ రాశాను. 1974లో రాజమండ్రిలో అమ్మమ్మ చేత్తో అల్లి కూతురి పెళ్లికి ఇస్తుంది. ఆ కూతురు దాన్ని ఖరగ్‌పూర్ కాపురానికి తీసుకెళ్లి, 2024లో తన కూతురి పురిటికి ఇస్తుంది. 2,200 పదాలు వచ్చింది. చదివినవాళ్లు "ముగ్గురూ ఒకేలా ఏడ్చారు, శాలువా మాత్రం కనబడలేదు" అన్నారు. నాకు అల్లిక రాదు. ఎక్కడ సరిచేయాలి? ప్రతి జతచేస్తున్నాను.*
*— ఒక పాఠకురాలు, కాకినాడ*

మీ కథ చదివినవాళ్లు తప్పు సరిగ్గానే పట్టుకున్నారు. మీ ప్రతిలో శాలువా 1974లో మెత్తగా, వెచ్చగా ఉంది. తర్వాత ఖరగ్‌పూర్‌లోనూ మెత్తగా, వెచ్చగానే ఉంది. చివర్లోనూ అంతే. యాభై ఏళ్లలో దానికి ఏమీ కాలేదు. వస్తువుకి ఏమీ కానప్పుడు మనుషులు దానితో చేయాల్సిన పనేమీ ఉండదు. పట్టుకుని ఏడవడం తప్ప వాళ్లకి ఇంకేం మిగలదు. చేత్తో అల్లిన ఊలు అలా ఉండిపోయే వస్తువు కాదు. పొట్టిదవుతుంది, చిల్లు పడుతుంది, మరక పట్టుకుంటుంది, విప్పితే మళ్లీ దారమైపోతుంది. మీ కథ అక్కడ ఉంది.

ముందు ఏళ్ల లెక్క చూడండి. 1974లో పెళ్లినాటికి కూతురికి ఇరవై ఏళ్లని రాశారు. అంటే 1954లో పుట్టింది. 2024లో ఆవిడ కూతురికి ఇరవై ఆరేళ్లన్నారు. అంటే ఆవిడకి నలభై నాలుగో ఏట తొలి కాన్పు. అసాధ్యం కాదు గానీ, అలా రాస్తే కథ దాని గురించే అవుతుంది. చివరి భాగాన్ని 2005 జనవరికి తెచ్చేయండి. మనవరాలు 1979లో పుట్టిందనుకుంటే తొలి కాన్పుకి ఇరవై ఐదూ ఇరవై ఆరూ ఉంటాయి. మనవరాలి తండ్రి రైల్వేలో రిటైరై రాజమండ్రి వచ్చేసి ఉంటారు కాబట్టి పుట్టింటి పురుడు రాజమండ్రిలోనే జరుగుతుంది. సంక్రాంతి రోజులు కాబట్టి గోదావరి ఒడ్డున కూడా తెల్లవారుజామున కాస్త చలి ఉంటుంది.

ఈ మార్పుతో ఇంకో లాభం ఉంది. కూతురు పుట్టేనాటికి అమ్మమ్మకి ఇరవై ఏళ్లనుకుంటే, 2005లో ఆవిడకి డెబ్బై ఒకటి. ఆవిడ బతికే ఉండొచ్చు. మీ ప్రతిలో ఆవిణ్ణి రెండో పేజీలోనే చంపేశారు. తర్వాత మిగతావాళ్లంతా శాలువాని వాసన చూసి ఆవిణ్ణి తలుచుకుంటారు. దానికన్నా ఆవిణ్ణి కళ్లలో శుక్లాలతో ఆ గదిలోనే మంచం మీద కూర్చోబెట్టండి. కథకి ఆవిడ చేతులు కావాలి, ఎందుకో కింద చెప్తాం. వాసన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే పోతుంది. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న ఊలుకి అమ్మమ్మ జడలోని మల్లెల వాసన రాదు. కలరా ఉండల వాసన వస్తుంది. అది రాయండి, పాఠకులు వెంటనే నమ్ముతారు.

రైలు దగ్గర ఒక చిన్న సవరణ. పెళ్లయిన అమ్మాయి కిటికీలోంచి గోదావరి వంతెన చూస్తూ శాలువా నిమురుతుంది అన్నారు. రాజమండ్రి నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే బండి ఆ వంతెన ఎక్కదు. వంతెన కొవ్వూరు వైపు. హౌరా వెళ్లే మెయిలు సామర్లకోట, విశాఖపట్నం మీదుగా అటు వెళ్లిపోతుంది. మీది కాకినాడ, ఇది మీకు తెలిసిన సంగతే, రాసే ఊపులో జారిపోయింది.

ఇక అల్లిక. అమ్మమ్మ "క్రోషే సూదితో" మూడు రాత్రుల్లో అల్లేసింది అన్నారు. గోదావరి జిల్లాల్లో లేసు అల్లిక తెలిసిన ఇళ్లు ఎక్కువ. నర్సాపురం, పాలకొల్లు వైపు నూలు దారంతో క్రోషేతో చేసేది అదే. బహుశా అందుకే మీకు ఆ సూది గుర్తొచ్చింది. కానీ క్రోషేకి చివర కొక్కెం ఉన్న సూది ఒక్కటే ఉంటుంది, ఒకసారికి ఒక కుట్టే తెరిచి ఉంటుంది. స్వెట్టర్లు, శాలువాలు అల్లే ఊలు అల్లికకి రెండు పొడుగాటి సూదులు కావాలి. వరసలో ఉన్న కుట్లన్నీ ఒకేసారి సూది మీద తెరిచి ఉంటాయి. ఈ తేడా పట్టింపు కోసం చెప్పడం లేదు. కథ ముగింపు దీని మీదే నిలబడుతుంది.

మూడు రాత్రులు ఎందుకు చాలవో లెక్క కట్టి చూద్దాం. శాలువా 60 సెంటీమీటర్ల వెడల్పు, 150 పొడుగు అనుకోండి. ఎనిమిదో నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, మధ్యరకం లావు ఊలు. అన్ని వరసల్లోనూ ఒకే రకం సాదా కుట్టు. రెండు వైపులా గట్లు గట్లుగా ఒకేలా కనబడుతుంది, అంచులు చుట్టుకుపోవు. ఒక వరస నిట్ అనే సూటి కుట్టు, ఒక వరస పర్ల్ అనే తిరగేసిన కుట్టు చొప్పున స్వెట్టరు ముందు భాగంలా నున్నగా అల్లితే శాలువా అంచులు లోపలికి చుట్టుకుపోతాయి. అందుకే "నున్నటి శాలువా" అన్న మాట కొట్టేయండి. సాదా కుట్టుతో 10 సెంటీమీటర్లకి ఇంచుమించు 20 కుట్లు, 40 వరసలు వస్తాయి. అంటే వెడల్పుకి 120 కుట్లు, పొడుగుకి 600 వరసలు, మొత్తం 72,000 కుట్లు. అలవాటున్న చెయ్యి నిమిషానికి 30 కుట్లు వేసినా 40 గంటలు పడుతుంది. భోజనాలయ్యాక రోజుకో గంట దొరికే ఇల్లాలికి అది నలభై రోజుల పని.

పెళ్లి మే నెలలో అన్నారు. అంటే ఆవిడ మార్చి, ఏప్రిల్ నెలల్లో రాజమండ్రి ఎండల్లో ఊలు అల్లింది. మీ కథలో ఇంతకన్నా మంచి దృశ్యం లేదు, మీరు దాన్ని రాయలేదు. ఆ నెలల్లో చెమట పట్టిన చేతుల్లో ఊలు జారదు, కుట్లు బిగుసుకుపోతాయి, సూది మీద ముందుకి కదలనంటాయి. అల్లేవాళ్లు చేతులకి పౌడరు రాసుకుంటారు. సగం అయ్యేసరికి పావుకిలో ఊలు ఒళ్లో పడి ఉంటుంది, కింద చీర తడిసిపోతుంది. పిల్ల మీద ప్రేమతో అల్లింది అని మీరు రెండు చోట్ల చెప్పారు. ఒళ్లో ఊలు వేసుకుని విసనకర్ర పక్కన పెట్టుకున్న మనిషిని చూపిస్తే ఆ రెండు వాక్యాలూ అక్కర్లేదు.

ఇప్పుడు ఊలు ఎంత పట్టిందో చూద్దాం. కథ ఇందులోంచే వస్తుంది. ఈ కొలతకి ఇంచుమించు 480 గ్రాములు పడుతుంది. 50 గ్రాముల ఉండలు కొందనుకుంటే తొమ్మిది ఉండలతో 140 సెంటీమీటర్లు అయిపోతుంది. చివరి 10 సెంటీమీటర్లకి పదో ఉండ కావాలి. ఆవిడ మొదట తొమ్మిదే కొంది. చాలక మళ్లీ కొట్టుకి వెళ్లింది. అదే రంగు, అదే కంపెనీ, కానీ వేరే విడతలో అద్దకం వేసిన ఊలు. ఊలుకి ఒక్కో విడత ఒక్కో తొట్టిలో రంగు వేస్తారు. విడత మారితే రంగు వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఉండలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దగా తెలియదు. అల్లాక మాత్రం గీత గీసినట్టు కనబడుతుంది. మెరూన్ శాలువాకి చివర బెత్తెడు కాస్త ఎర్రటి పట్టీ. పెళ్లి ముహూర్తం ముందుంది కాబట్టి విప్పి మళ్లీ అల్లే వ్యవధి లేదు.

దీన్ని తల్లి దిగులుగా చూసుకోనక్కర్లేదు. అత్తవారింట్లో ఎవరో ఒకరు ఒక్క మాట అంటే చాలు: "ఊలు చాల్లేదేమో పాపం." మీ ప్రతిలో అత్తగారు రెండు పేజీలు దెప్పుతుంది. ఆ రెండు పేజీలూ తీసేసి ఈ ఒక్క మాట ఉంచండి.

కొత్త బట్ట కాబట్టి ఇచ్చే ముందు మూలకి పసుపు పెడతారు, అది మీరు రాశారు, బాగుంది. కానీ తర్వాత దాన్ని మర్చిపోయారు. పసుపు ఊలుని గట్టిగా పట్టుకుంటుంది. బట్టల సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎండకి వెలిసిపోతుంది, పెట్టెలో చీకట్లో ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మీ శాలువా ఏడాదిలో పది నెలలు పెట్టెలోనే ఉంది కాబట్టి 2005లో కూడా ఆ మూలన పసుపు జాడ మిగిలి ఉండొచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఆ మూల శాలువా అల్లడం మొదలుపెట్టిన అంచుకి ఉండాలి, ముగించిన అంచుకి కాదు. ఎందుకో ఇప్పుడు చెప్తాం.

రెండు సూదుల అల్లికని విప్పాలంటే ముగించిన వైపు నుంచే విప్పాలి. చివరి వరస కుట్లు మూసేసి, దారం కొస లోపలికి దూర్చిన చోటు వెతికి, దాన్ని తీసి లాగితే వరస తర్వాత వరస సులువుగా ఊడి వస్తుంది. మొదలుపెట్టిన వైపు నుంచి లాగితే అలా రాదు. ప్రతి కుట్టు దగ్గరా చిక్కుపడుతుంది. అంటే చివర అల్లింది ముందు పోతుంది. మీ శాలువాలో చివర అల్లింది ఏది? ఆ ఎర్రటి పట్టీ.

మీ కథలో మధ్య తరం ఖాళీగా ఉంది. ఖరగ్‌పూర్‌లో ఆవిడ శాలువా కప్పుకుని పుట్టింటిని తలుచుకోవడం తప్ప ఏమీ చేయదు. ఆవిడకి ఈ పని ఇవ్వండి. 1979లో కడుపుతో ఉన్నప్పుడు ఆ పట్టీని విప్పేస్తుంది. 40 వరసలు, 10 సెంటీమీటర్లు, ఇంచుమించు 30 గ్రాముల ఊలు. విప్పిన ఊలు సేమ్యాలా వంకర్లు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి చుట్టి చిలప చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్లలో తడిపి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెడితే తిన్నబడుతుంది. ఆ ఊలుతో పుట్టబోయే బిడ్డకి ఒక టోపీ అల్లుతుంది. పసిపిల్లల టోపీకి 20 గ్రాములు దాటదు. మిగిలినది పైన కుచ్చుకి సరిపోతుంది. శాలువా చివర మళ్లీ కుట్లు మూసేసి, దారం కొస తెంపి ముడేస్తుంది.

ఎందుకు విప్పింది? బిడ్డ కోసమా, అత్తవారింట్లో ఆ మాట పడలేకా? దీనికి జవాబు రాయకండి. ఆవిడకీ సరిగ్గా తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

పదో ఉండలో అమ్మమ్మ దగ్గర మిగిలిపోయిన 20 గ్రాముల సంగతి అల్లిక తెలిసిన పాఠకురాలు తప్పకుండా అడుగుతుంది. పక్కింటి పిల్లాడి మేజోళ్లకి పోయిందని ఎక్కడో నాలుగు మాటల్లో అనేయండి.

2005కి రండి. శాలువా ఎందుకు బయటికి తీశారో మీ ప్రతిలో కారణం సరిగ్గా ఉంది. బాలింతకి చెవులు మూసి కప్పాలి. కానీ తీసిన శాలువా కొత్తదానిలా ఉంది, అది కుదరదు. ఊలుని తినేది చిమ్మట పురుగు. ఎగిరే చిమ్మట తినదు, దాని పిల్ల పురుగు తింటుంది. దానికి చీకటి, కదలని చోటు, చెమటో పాల మరకో ఉన్న బట్ట కావాలి. కలరా ఉండలు మూత బిగుతుగా ఉన్న పెట్టెలోనే పనిచేస్తాయి. అవి మెల్లగా ఆవిరైపోతాయి, ఏడాదికోసారైనా మళ్లీ వేయకపోతే ఖాళీ గుడ్డ మూట మిగులుతుంది. ఖరగ్‌పూర్ నుంచి సామాను సర్దుకొచ్చిన హడావిడిలో ఆ ఏడాది వేయలేదు. కాబట్టి మడత మీద రెండు చిల్లులు, ఒక్కోటి నాలుగైదు కుట్ల మేర. ఆ చుట్టుపక్కల సన్నటి ఇసకలాంటి పొట్టు, కాస్త బూజులాంటి దారం రాలుతుంది. చిల్లు గుండ్రంగా ఉండదు, కొరికినట్టు ఉంటుంది. బొద్దింక కొట్టిందని రాయకండి, మడత లోపల పడిన చిల్లు చిమ్మటదే.

టోపీ ఎలా మిగిలింది? అది మూత బిగిసే స్టీలు డబ్బాలో బిడ్డ మొలతాడుతోపాటు దాచి ఉంది.

చిల్లు పడిన అల్లికని అలా కప్పకూడదు. తెగిన చోట పైకీ కిందికీ కుట్లు తెరుచుకుని ఉంటాయి. లాగినకొద్దీ ఒక్కో కుట్టు జారి నిచ్చెనలా దిగుతుంది. ఊలు కాబట్టి, సాదా కుట్టు కాబట్టి నెమ్మదిగా జారుతుంది, అంతే. ముందు తెరిచిన కుట్లకి పిన్నీసు పెట్టి, మొద్దు మొన ఉన్న సూదితో పక్క కుట్టు వెళ్లిన దారిలోనే కొత్త దారం తిప్పుకుంటూ రఫ్ఫు చేయాలి. రెండు చిల్లులకీ కలిపి రెండు మీటర్ల లోపు దారం చాలు.

ఆ రెండు మీటర్లు ఎక్కడివి? మీ కథ మొత్తం ఈ ప్రశ్న మీద నడవొచ్చు. కొట్టులో దొరికే ఊలు ఎక్కువగా ఆక్రిలిక్, మెరుపు వేరు, రంగు వేరు. తల్లికి టోపీ గుర్తొస్తుంది. ఆ టోపీ రెండు సూదుల మీద బల్లపరుపుగా అల్లి వెనక కుట్టింది కాబట్టి, ముందు ఆ కుట్టు విప్పి, నెత్తి భాగం నుంచి కొన్ని వరసలు లాగాలి. తీశాక టోపీకి నెత్తి ఉండదు. పైన కుచ్చులోని ఊలు వాడొచ్చు కదా అని పాఠకులకి అనిపిస్తుంది. కుచ్చు అంటే కత్తిరించిన పొట్టి ముక్కలు, రఫ్ఫుకి పనికిరావు. బాలింత మాత్రం ఆ టోపీ తన బిడ్డకి పెట్టాలంటుంది. అది తను పెట్టుకున్న టోపీ.

తల్లీ కూతురూ టోపీ మీద వాదించుకుంటూ ఉంటారు. అమ్మమ్మ శాలువా ఒళ్లోకి తీసుకుని అంచు తడుముతుంది. మీరు ఈ భాగాన్ని ఎలా రాయొచ్చో చూపించడానికి మధ్య తరం ఆవిడ వైపు నుంచి నాలుగు వాక్యాలు:

"అమ్మ వేళ్లు అంచు వెంట వెళ్లి మూల దగ్గర ఆగాయి. బొటనవేలితో అక్కడ రెండుసార్లు నొక్కి చూసింది. 'ఇదెవరేశారే ముడి?' అంది. 'నేనెప్పుడూ ముడెయ్యను.'"

కథ అంతా ఇక్కడ ఉంది. రెండు సూదుల అల్లికలో చేయి తిరిగినవాళ్లు దారం కొసని ముడేయరు. నాలుగంగుళాలు వదిలి సూదితో అంచులోకి అటూ ఇటూ దూరుస్తారు. ముడేస్తే గట్టిగా చేతికి తగులుతుంది, కొన్నాళ్లకి ఊడుతుంది. కళ్లు కనబడని మనిషి ఒక్క ముడితో ఇరవై ఐదేళ్ల కిందటి సంగతి కనిపెట్టేసింది. కూతురు ఏం చెప్తుందన్నది మీ ఇష్టం. చెప్పకపోయినా ఫరవాలేదు. అమ్మమ్మ కూడా అడగక్కర్లేదు. "టోపీ జోలికి పోకండి. ఇక్కణ్ణించే ఇంకో వరస లాగండి" అంటుంది. ఒక వరసకి 120 కుట్లు, కుట్టుకి ఇంచుమించు ఒకటిన్నర సెంటీమీటర్ల దారం. రెండు మీటర్లకి కాస్త తక్కువగా వస్తుంది. అదే తొట్టిలో అద్దిన ఊలు, అంతే వయసుది, రంగు అతికినట్టు కలిసిపోతుంది. ఇది కల్పన కోసం చెప్తున్న కిటుకు కాదు, ఊలు బాగుచేసేవాళ్లు నిజంగా చేసే పని.

చేసే పద్ధతి తప్పు పోకుండా రాయండి. ముడి తెంపాలి. మూసేసిన కుట్ల వరస విప్పాలి. తర్వాత ఒక వరస లాగాలి. ఆ వెంటనే 120 కుట్లనీ సూది మీదకి ఎక్కించుకోవాలి. అంత పాత ఊలు కుట్లు విప్పినా అదే ఆకారంలో నిలబడి ఉంటాయి, అంత తొందరగా జారవు. అలాగని ఎవరూ కుదపకూడదు. లాగిన వరస దారం రఫ్ఫుకి పక్కన పెట్టుకుని, ముందు మూసివేతకి వాడిన దారంతోనే కుట్లు మళ్లీ మూసేయాలి. శుక్లాలున్న ఆవిడకి ఎక్కించడం కనబడదు, మూయడం మాత్రం వేళ్లతో వస్తుంది. కుట్లు ఎక్కించేది కూతురు. బాలింత చేయగలిగింది శాలువా కదలకుండా పట్టుకోవడం. ముగ్గురికీ పని దొరికింది కదా, ఇక ఎవరూ ఏడవక్కర్లేదు. ఈ పనికి గంట పడుతుంది. మీరు మాత్రం రెండు పేరాల్లో ముగించండి.

ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది మిగిలింది. మీ ప్రతిలో కథకురాలు ఒకే మనిషిని ఒక చోట అమ్మమ్మ అని, ఒక చోట అమ్మ అని, ఒక చోట పేరుతో పిలుస్తుంది. తెలుగులో పిలిచే వరస మారితే చూసే మనిషి మారిపోతాడు. ఈ కథ మధ్య తరం ఆవిడది. శాలువా తీసుకున్నదీ ఆవిడే, ఇచ్చేదీ ఆవిడే, దాచిపెట్టిన సంగతి ఉన్నదీ ఆవిడకే. కాబట్టి కథనంలో ఎప్పుడూ "అమ్మ" అనే ఉండాలి. "అమ్మమ్మ" అన్న మాట బాలింత నోటి వెంట, సంభాషణలో మాత్రమే రావాలి.

మూడు కాలాల్నీ సమానంగా పంచకండి. 2,200 పదాల్లో 1974కి రెండు వందలు చాలు: ఏప్రిల్ మధ్యాహ్నం, ఒళ్లో ఊలు, పదో ఉండ. 1979కి మూడు నాలుగు వందలు. మిగతాదంతా 2005లో ఒక్క మధ్యాహ్నం, ఒక్క గది. పాత సంగతులు చిల్లులూ ముడీ చూసినప్పుడు, ఆ వస్తువు ద్వారానే గుర్తు రావాలి. "ఆమె గతంలోకి జారిపోయింది" అన్న వాక్యం మీ ప్రతిలో ఐదుసార్లు ఉంది. ఐదూ తీసేసినా కథకి ఏమీ కాదు.

అసలు ఇవ్వడం విషయంలో ఒక ఇబ్బంది ఉంది. వియ్యాలవారి ముందు బారసాల నాడు పాత శాలువా, అదీ రఫ్ఫు చేసింది, కానుకగా పెడితే "పాత గుడ్డ పెట్టారు" అనే మాట పుడుతుంది. మీ ప్రతిలో అది బారసాల నాడే, పళ్లెంలో పసుపుకుంకాలతో ఇస్తారు, అందరూ మెచ్చుకుంటారు. ఆ ఊళ్లో అలా జరగదు. ఈ మధ్యాహ్నమే, పదకొండో రోజు రాకముందే, కుట్లు మూసి చిల్లులు రఫ్ఫు చేయగానే బాలింతకి చెవుల మీదుగా కప్పేయండి. ఇచ్చినట్టు ఎవరూ ప్రకటించరు. పళ్లెంలోకి కొత్త చీర వెళ్తుంది.

ఒకవేళ మీకు ఖరగ్‌పూర్ అధ్యాయంలో శాలువా పాడవడం కావాలనిపిస్తే, వేడినీళ్లలో ఉతికించడం మాత్రం పెట్టకండి. వేడి, సబ్బు, రుద్దడం కలిస్తే ఊలు పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని దట్టమైన కంబళిలా ముడుచుకుపోతుంది. అలా అయిన అల్లికని ఇక విప్పలేరు. పట్టీ విప్పడమూ, వరస లాగడమూ రెండూ కుదరవు. గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కడం, చాప మీద పరిచి నీడలో ఆరబెట్టడం: ఖరగ్‌పూర్‌లో ఆవిడ ఉతికింది అలాగే. తీగ మీద వేస్తే తడి బరువుకి సాగుతుంది. మీ మూడో పేజీలో తీగ మీద ఎండలో రెపరెపలాడుతోంది, అది మార్చండి.

ఒక కొలత కథ చివరిదాకా గుర్తుంచుకోండి. 1974లో 150 సెంటీమీటర్లు, 1979 తర్వాత 140, 2005లో ఇంకో పావు సెంటీమీటరు తక్కువ. బాలింత తల మీద నుంచి కప్పి, చెవుల కింద చుట్టి, రెండు కొసలూ ఛాతీ మీదకి తెచ్చేటప్పుడు ఆ పొడుగు సరిపోతుందో లేదో ఇంట్లో ఒక దుప్పటి మడిచి 140కి కొలిచి చూసుకుని ఆ వాక్యం రాయండి.